సి డ్రైవు ఫార్మాట్ చేసి విండోస్ వేశారు: పాత ఫైళ్లు ఎంతవరకు వస్తాయి?

రమణి_వి
నాన్నగారి లాప్‌టాప్ బాగా నెమ్మదించిందని మా ఊళ్లో ఒక దుకాణంలో ఇచ్చారు. వాళ్లు విండోస్ 10 కొత్తగా వేసి ఇచ్చారు. ఒక టెరాబైటు డిస్కు, మొత్తం ఒకటే సి డ్రైవు. డెస్క్‌టాప్ మీద ఉన్నవి, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అన్నీ పోయాయి. తమ్ముడి పెళ్లి ఫొటోలతో పాటు, నాన్నగారు ఏళ్ల తరబడి రాసుకుంటున్న మా ఊరి చరిత్ర వర్డ్ ఫైళ్లు కూడా అందులోనే ఉన్నాయి. `Windows.old` ఫోల్డరు ఉందేమోనని చూశాను, లేదు. దుకాణం అబ్బాయిని అడిగితే, "పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టాక పాత గోడలు ఎక్కడుంటాయి మేడమ్" అన్నాడు. నిజంగా అంతేనా? నాన్నగారు అప్పటి నుంచి దాంట్లోనే పేపర్లు చదువుతున్నారు.

గోదావరిగట్టు
కంగారు పడకండి. ఫార్మాట్ చేసినంత మాత్రాన డేటా ఎక్కడికీ పోదు. రెక్యువా ఉచితంగా దొరుకుతుంది. ఆ లాప్‌టాప్‌లోనే దించుకుని సి డ్రైవు స్కాన్ చేయండి. నా పెన్‌డ్రైవు ఫార్మాట్ అయినప్పుడు ఒక్క ఫైలు కూడా తగ్గకుండా తెచ్చుకున్నాను.

పాతడిస్కు
గోదావరిగట్టు గారు చెప్పినదాంట్లో సగం సరైనది. డేటా చాలావరకు ఉండవచ్చు. కానీ అదే లాప్‌టాప్‌లో, అదే సి డ్రైవులో ఇంకో ప్రోగ్రాము దించుకోవడమంటే మీరు వెతుకుతున్నదాని మీదే రాయడం.

రమణి గారూ, ముందు ఒక్కటి చూసి చెప్పండి. టాస్క్ మేనేజరులో పర్ఫార్మెన్స్ కింద Disk 0 దగ్గర HDD అని ఉందా, SSD అని ఉందా? చూసి వెంటనే మూసేయండి. నాన్నగారికి పేపర్లు చదవడానికి ఇంకో ఫోనో ట్యాబో ఇవ్వండి. ఆ ఒక్క మాట మీదే తక్కినదంతా ఆధారపడి ఉంది.

హరిత_యస్
ఎస్‌ఎస్‌డీ అయితే ఏమవుతుందో నేను చెప్పగలను. నాది అదే. ఫార్మాట్ అయ్యాక డిస్కును ఇంకో కంప్యూటరుకు తగిలించి, బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపించే హెచ్‌ఎక్స్‌డీ అనే ప్రోగ్రాములో తెరిచి చూశాను. కొత్త విండోస్ ఉన్న భాగం దాటాక కిందికి ఎంత జరిపినా 00 00 00 00 తప్ప ఇంకేమీ లేదు. అప్పటికే ఒక కంపెనీ సాఫ్ట్‌వేరు కొని ఉన్నాను. అది గంటల తరబడి తిరిగి, కొత్త విండోస్ వాల్‌పేపర్లను "దొరికిన ఫొటోలు" అని చూపించింది!

చివరికి నా ఫైళ్లు వన్‌డ్రైవులో దొరికాయి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అందులోకి వెళ్తున్నాయని నాకు అంతవరకు తెలియదు. నాన్నగారి మైక్రోసాఫ్ట్ ఖాతాతో బ్రౌజరులో తెరిచి, అక్కడి రీసైకిల్ బిన్ కూడా చూడండి. వ్యక్తిగత ఖాతాల్లో చెరిపేసినవి 30 రోజులు ఉంటాయి.

గోదావరిగట్టు
నాకు తెలిసినవాళ్లకు ఎస్‌ఎస్‌డీలోంచి కూడా వచ్చాయండీ. అంత ఖాయంగా పోయినట్టే అనుకోకూడదు.

పాతడిస్కు
వచ్చి ఉండవచ్చు. విండోస్ ఫార్మాట్ చేసేటప్పుడు "ఈ చోటంతా ఖాళీ" అని ఎస్‌ఎస్‌డీకి ట్రిమ్ ఆదేశం పంపుతుంది. చదివితే సున్నాలు రావడానికి కారణం అదే. పాత యూఎస్‌బీ పెట్టెలో పెట్టి ఫార్మాట్ చేస్తే ఆ ఆదేశం డిస్కుదాకా చేరకపోవచ్చు. మీవాళ్ల విషయంలో ఏం జరిగిందో చూడకుండా చెప్పలేను. లాప్‌టాప్ లోపలే ఉన్న ఎస్‌ఎస్‌డీ మీద సెటప్ ఫార్మాట్ చేసి ఉంటే మాత్రం నేను ఆశ పెట్టుకోను.

రమణి_వి
HDD అనే ఉంది. లాప్‌టాప్ కట్టేశాను. వన్‌డ్రైవులో ఏమీ లేదు, నాన్నగారు ఎప్పుడూ ఆ ఖాతాతో లోపలికి వెళ్లలేదట.

శేఖర్_డీటీపీ
నాదీ ఇదే సమస్య. విండోస్ మళ్లీ వేయించాక నా శుభలేఖల ఫైళ్లన్నీ పాడైపోయాయి. తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు గజిబిజిగా వస్తున్నాయి. వీటిని ఏ సాఫ్ట్‌వేరుతో రికవర్ చేయాలి?

పాతడిస్కు
శేఖర్ గారూ, మీవి పోలేదు. అను ఫాంట్లతో చేసినవి అయి ఉంటాయి. అవి యూనికోడ్ కాదు కాబట్టి, ఫాంటు లేని కంప్యూటరులో అదే పాఠం ఇంగ్లిషు గుర్తులుగా కనిపిస్తుంది. ఫాంట్లు మళ్లీ వేసుకోండి, ఫైళ్ల జోలికి వెళ్లకండి.

రమణి గారూ, హార్డ్ డిస్కు అన్నారు కాబట్టి అవకాశం బాగానే ఉంది. కాస్త వివరంగా చెబుతాను, లేకపోతే తర్వాత కనిపించేవి అయోమయంగా ఉంటాయి.

సి డ్రైవులో ఎంఎఫ్‌టీ అనే పట్టిక ఒకటి ఉంటుంది. ప్రతి ఫైలుకూ, ప్రతి ఫోల్డరుకూ అందులో సాధారణంగా ఒక కిలోబైటు రికార్డు ఉంటుంది. పేరు, ఏ ఫోల్డరులోది, డిస్కు మీద ఎక్కడ ఉంది అన్నవి అందులోనే ఉంటాయి. సెటప్‌లో జరిగే ఫార్మాట్ త్వరగా అయిపోయే రకం. అది డిస్కంతా తుడవదు, కొత్త పట్టిక మొదలుపెడుతుంది, అంతే. చిక్కేమిటంటే, ఆ కొత్త పట్టిక సాధారణంగా పాతది మొదలైన చోటే మొదలవుతుంది. కొత్త విండోస్ లక్షకు పైగా ఫైళ్లు రాస్తుంది కాబట్టి, పాత పట్టిక మొదటి భాగంలో వంద మెగాబైట్లకు పైగా పోయినట్టే. అయితే ఆ మొదటి భాగంలో ఉండేవి చాలావరకు పాత విండోస్ సొంత ఫైళ్ల రికార్డులే. నాన్నగారివి తర్వాత తర్వాత చేరినవి, కాబట్టి వాటి రికార్డులు పట్టికలో ఇంకా కిందికి ఉంటాయి.

లాప్‌టాప్ కట్టేయమన్నది ఇందుకే. ఒక వార్తల సైటు తెరిస్తే చాలు, బ్రౌజరు చిన్న చిన్న ఫైళ్లు బోలెడు రాసి పెట్టుకుంటుంది. వాటి పరిమాణం ఏమంత కాదు, కానీ ఒక్కో దానికి ఒక్కో రికార్డు కావాలి. అలా పట్టిక పెరిగినకొద్దీ పాత పేర్ల మీదికి వస్తుంది. విండోస్ అప్‌డేట్ అంతకంటే చేటు.

ఇప్పుడు చేయవలసింది: డిస్కు బయటికి తీయించి, సాటా-యూఎస్‌బీ తీగతో ఇంకో కంప్యూటరుకు తగిలించండి. 2 టెరాబైట్ల బయటి డిస్కు ఒకటి కావాలి. ddrescue ఉన్న లినక్స్ పెన్‌డ్రైవుతో ఆ కంప్యూటరు తెరిచి, ముందుగా డిస్కు మొత్తానికీ నకలు తీయండి:

```
lsblk
sudo ddrescue -d /dev/sdb /media/bayati/nanna.img /media/bayati/nanna.map
```

`lsblk` చూపించే పరిమాణాన్ని బట్టి నాన్నగారి డిస్కు `sdb` అవునో కాదో ఖాయం చేసుకోండి. రెండో స్థానంలో పొరపాటున డిస్కు పేరు పడితే అది ఆగిపోయి `--force` అడుగుతుంది, ఇవ్వవద్దు. ఇస్తే ఆ డిస్కు మీద రాసేస్తుంది. రాత్రి పెట్టి పడుకోండి. ఆ తర్వాత అసలు డిస్కును ముట్టుకోవద్దు, పనంతా నకలు మీదే. డీఎండీఈ అనే రికవరీ ప్రోగ్రాములో ఆ `.img` తెరిచి పూర్తి స్కాన్ చేయండి. ఉచిత కూర్పులో ఒకసారికి, తెరిచి ఉన్న ఫోల్డరులోంచి 4000 ఫైళ్ల వరకే తీయనిస్తుంది. కాస్త ఓపిక పడితే సరిపోతుంది.

నవీన్_హైద్
ఒక చిన్న మాట, రమణి గారికి అవసరం లేకపోయినా చదివేవాళ్ల కోసం. కొత్త విండోస్ 11 లాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్కు తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. అలాంటి డ్రైవును ఫార్మాట్ చేస్తే తాళానికి సంబంధించిన సమాచారమూ పోతుంది. ఆ తర్వాత రికవరీ కీ చేతిలో ఉన్నా, ఈ పద్ధతులతో పైకి వచ్చేది చెత్తే.

రమణి_వి
నకలు తీశాను, డీఎండీఈ స్కాన్ కూడా అయింది. నాన్నగారి పేరుతో ఉన్న ఫోల్డరు కనిపించలేదు, గుండె ఆగినంత పనైంది. కానీ పేరు లేకుండా, ఒక అంకెతో ఉన్న ఫోల్డరు తెరిస్తే లోపల "ఊరి చరిత్ర", "పెళ్లి", "పెన్షన్" అన్నీ పేర్లతో సహా ఉన్నాయి!

మూడు సందేహాలు. కొన్ని పెళ్లి ఫొటోలు పైన సగం బాగుండి కింద బూడిద రంగు పట్టీలా వస్తున్నాయి. కొన్ని వర్డ్ ఫైళ్లు శేఖర్ గారు చెప్పినట్టే గజిబిజిగా తెరుచుకుంటున్నాయి. ఇంకొన్ని ఫైళ్లు పేరూ పరిమాణమూ సరిగ్గా ఉన్నా అసలు తెరుచుకోవడమే లేదు.

పాతడిస్కు
అంకెతో వచ్చిందంటే పై ఫోల్డరు రికార్డు మీద కొత్తది పడింది, లోపలివి బతికాయి. భయపడనక్కరలేదు.

బూడిద పట్టీ, తెరుచుకోని ఫైళ్లు రెండూ ఒకే జబ్బు. రికార్డు మిగిలింది, కానీ అది చూపించే చోట కొత్త విండోస్ తన డేటా రాసేసింది. తెరుచుకోని ఫైలును హెచ్‌ఎక్స్‌డీలో చూడండి. జేపీజీ అయితే FF D8 FF తో, డాక్స్ అయితే PK అక్షరాలతో మొదలవాలి. ఇంకేదో ఉంటే అది మీ ఫైలు కాదు, పేరు మాత్రమే మీది. అందుకే పేర్ల జాబితా చూసి లెక్క వేసుకోవద్దు, తెరిచి చూడండి.

గజిబిజి వర్డ్ ఫైళ్లను మాత్రం చెరిపేయవద్దు. నాన్నగారు అను ఫాంట్లు వాడేవారేమో కనుక్కోండి.

శేఖర్_డీటీపీ
నా ఫైళ్లు సరిగా వచ్చాయి, ఫాంటే. రమణి గారూ, మీవి ఒకటి రెండు నాకు పంపితే నా దగ్గర తెరిచి చూసి చెబుతాను.

రమణి_వి
అవును, పాతవన్నీ అను ఫాంట్లేనట. శేఖర్ గారు తెరిచి చూశారు, అక్షరం పొల్లుపోలేదు. చాలా కృతజ్ఞతలు.

పేర్లు లేనివాటి కోసం ఫొటోరెక్ కూడా నడిపాను. `recup_dir.1`, `recup_dir.2` అంటూ ఫోల్డర్లు నింపేసింది. ఫొటోలు ఇంకొన్ని దొరికాయి కానీ పేర్లు లేవు, వెబ్‌సైట్ల బొమ్మలన్నీ వాటిలో కలిసిపోయాయి. పెళ్లి వీడియోలు మాత్రం ఒకటీ ఆడడం లేదు.

పాతడిస్కు
ఫొటోరెక్ పట్టిక చూడదు, ఫైలు మొదలు గుర్తుపట్టి అక్కడి నుంచి వరుసగా తీస్తుంది. పెద్ద వీడియో డిస్కు మీద ముక్కలుగా ఉంటే మధ్యలో వేరేదాన్ని కలిపేస్తుంది. ఫొటోలను పరిమాణం ప్రకారం వరుస పెట్టండి, వెబ్‌సైట్ల బొమ్మలు చిన్నవి కాబట్టి ఒక పక్కకు పోతాయి. తర్వాత ఎగ్జిఫ్‌లోని, అంటే ఫొటోలోనే కెమెరా రాసి పెట్టే వివరాల్లోని, తేదీని బట్టి పెళ్లి రోజువి వేరు చేయవచ్చు.

హరిత_యస్
వీడియోలకు అన్‌ట్రంక్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. అదే కెమెరాతో తీసిన మంచి వీడియో ఒకటి నమూనాగా ఇస్తే, చెడిన ఎంపీ4ను సరిచేయడానికి చూస్తుంది.

పాతడిస్కు
వీడియో చివరి ముక్క తెగిపోయినప్పుడు అది బాగా పనిచేస్తుంది. మధ్యలో వేరే డేటా కలిసినదానికి నాకు నమ్మకం తక్కువ. ముందు డీఎండీఈలో పేరుతో వచ్చిన వీడియోలు ఆడుతున్నాయేమో చూడండి. రికార్డు ఉంటే ముక్కలు ఎక్కడెక్కడున్నాయో దానికి తెలుసు.

గోదావరిగట్టు
ఇంత శ్రమ ఎందుకండీ, ల్యాబుకు ఇచ్చేస్తే పోదా?

పాతడిస్కు
డిస్కు టకటక శబ్దం చేస్తుంటే మొదటి రోజే ల్యాబుకు వెళ్లమనేవాడిని. ఇది బాగున్న డిస్కు. మీద రాసేసినదాన్ని ల్యాబు కూడా తేలేదు.

రమణి_వి
పేరుతో వచ్చిన వీడియోల్లో రెండు ఆడాయి, పెద్దది ఆడలేదు. అన్‌ట్రంక్ ప్రయత్నిస్తాను. ఊరి చరిత్రలో చివరి రెండు అధ్యాయాలు మాత్రం ఎక్కడా లేవు. అవి నాన్నగారు ఈ మధ్యే యూనికోడ్‌లో రాశారు, డాక్స్ ఫైళ్లు. నకలులో ఏదైనా వాక్యం పెట్టి వెతకవచ్చా?

పాతడిస్కు
డాక్స్ లోపల పాఠం కుదించి ఉంటుంది, వాక్యం పెట్టి వెతికితే దొరకదు. ఫొటోరెక్ తీసిన `.docx` అన్నిటినీ ఒకే ఫోల్డరులో వేసి, ఒక్కొక్కటీ తెరిచి చూడడమే. వర్డ్ తనంతట తాను దాచే `.asd` ఫైళ్లు డీఎండీఈ జాబితాలో ఉన్నాయేమో కూడా చూడండి. నాన్నగారు ఆ అధ్యాయాలు ఎవరికైనా మెయిల్లో గాని వాట్సాప్‌లో గాని పంపారా?

రమణి_వి
ప్రెస్సు ఆయనకు ఒకటి పంపిన గుర్తు ఉందంటున్నారు. రేపు ఫోన్ చేసి అడుగుతారు. రెండోదాని కోసం `.docx`లు తెరుస్తున్నాను, ఇంకా చాలా ఉన్నాయి.