అప్‌డేట్: మిర్యాలగూడ ఇంటి స్లాబ్, రాడ్లు తిప్పేశాం

నేను అడిగింది: "హాలు 10 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు. చుట్టూ గోడలే. మేస్త్రి 10 ఎంఎం రాడ్లు పొడవు వైపు, అన్నిటికన్నా కింద పరిచాడు. కరెక్టేనా?"

కాదట. పోతకు ముందురోజు ఇంజనీర్ సెంట్రింగ్ ఎక్కి చూసి మొత్తం విప్పించారు. నాలుగు వైపులా గోడలున్నా, పొడవు వెడల్పుకు రెండింతలు దాటితే వన్‌వేగానే, అంటే బరువంతా పొట్టి వైపే మోస్తుందని లెక్కేస్తారట. "స్లాబ్ మధ్యలో వెడల్పు వైపు పొట్టి పట్టీ ఒకటి, పొడవు వైపు పొడుగు పట్టీ ఒకటి అనుకోండి. కలిసేచోట రెండూ ఒకేలా వంగాలి. పొడుగుది సులువుగా వంగుతుంది కాబట్టి 24 వంతుల బరువులో దాదాపు 23 పొట్టిదే మోస్తుంది" అన్నారు. అప్పుడు నా బుర్రకెక్కింది.

ఇప్పుడు 10 ఎంఎం మెయిన్ రాడ్లు వెడల్పు వైపు, 20 ఎంఎం కవర్ బ్లాకుల మీద ఉన్నాయి. వాటిపైన పొడవునా 8 ఎంఎం డిస్ట్రిబ్యూషన్ రాడ్లు కట్టారు. ఇవి కిందికి వెళ్తే మెయిన్ రాడ్ 8 ఎంఎం పైకి లేచి స్లాబ్ బలం తగ్గుతుంది, 5 అంగుళాల స్లాబ్‌లో అది తక్కువేం కాదు.

12 బై 14 బెడ్‌రూం మాత్రం టూవే. అక్కడ రెండు వైపులా మెయినే, పొట్టి వైపువి కింద. అది మేస్త్రి ముందే సరిగ్గా కట్టాడు, పాపం.