హెల్ప్‌లైన్ మొదటి జవాబు: ఆప్యాయంగా ఉండాలా, గుట్టుగా ఉండాలా?

రేవతి_కె: ఇంట్లో హింస ఎదుర్కొంటున్నవాళ్ల కోసం ఎస్ఎంఎస్ హెల్ప్‌లైన్ నడుపుతున్నాం. మెసేజ్ రాగానే ఆటోమేటిక్‌గా వెళ్లే మొదటి జవాబు యంత్రం మాట్లాడినట్టు ఉండకూడదు, అవతలివాళ్ల గుట్టూ బయటపడకూడదు. ఇప్పుడు పంపుతున్నది ఇది: "నమస్తే, నేను మీ స్నేహితురాలు ఆశ. మీ బాధ నాకు అర్థమైంది. హింస గురించి మీరు రాసింది చదివాను. మీ పేరు, ఊరు చెప్పండి." ఏం మార్చాలి?

తీగలబండి: నాకైతే ఇది బాగానే ఉంది. భయంలో ఉన్న మనిషికి ముందు కావాల్సింది ఓ మంచి మాట. ప్రైవసీ సంగతంటారా, ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లోకి మారిపోండి. మధ్యలో ఎవరూ చదవలేరు.

నిదానం: మధ్యలో ఎవరూ చదవలేరన్న మాట నిజమే. కానీ ఇక్కడ భయం మధ్యలో ఉన్నవాడి గురించి కాదు, పక్క కుర్చీలో కూర్చున్నవాడి గురించి. ఫోన్ బల్ల మీద ఉంటుంది, మెసేజ్ వస్తుంది, లాక్ తీయకుండానే మొదటి రెండు లైన్లు స్క్రీన్ మీద కనిపిస్తాయి. ఎంత గట్టి ఎన్‌క్రిప్షన్ ఉన్నా ఆ రెండు లైన్లను దాచలేదు. అందుకే మొదటి జవాబులో "హింస" అన్న మాట రాకూడదు, ఆవిడ రాసిన మాటలు తిరిగి రాకూడదు, పంపినవారి పేరు దగ్గర సంస్థ పేరూ ఉండకూడదు.

ఇంకోటి. "మీ బాధ నాకు అర్థమైంది" అన్నది ఎవరు? ఎవరూ చదవలేదు కదా. ఒకావిడ మీ ఆఫీసు ఎన్ని గంటలకు తెరుస్తారని మాత్రమే అడిగిందనుకోండి. ఆమెకూ అదే మాట వెళుతుంది. ఆ క్షణంలోనే తెలిసిపోతుంది, అవతల మనిషి లేడని. తర్వాత నిజంగా మనిషే రాసినా నమ్మకం కుదరదు. ఆశ అన్న పేరు తీసేయండి. ఆప్యాయత అంటే మనిషిలా నటించడం కాదు, తర్వాత ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెప్పడం.

మల్లెపొద: నా సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట నేనూ ఇలాంటి ఓ చోటికి మెసేజ్ పెట్టాను. నిమిషంలో జవాబొచ్చింది, "మీ ఫిర్యాదు నమోదైంది" అని, పక్కనే నా పేరుతో. అప్పుడు ఫోన్ మా ఆయన చేతిలో ఉంది. ఆ రాత్రి గురించి రాయలేను. పేరు, ఊరు అడగడం మాత్రం దయచేసి తీసేయండి. ఆ జవాబు చూస్తున్నది నేనేనో కాదో మీకెలా తెలుస్తుంది?

రేవతి_కె: అమ్మా, మీరు చెప్పింది చదివి చేతులు ఆడలేదు. ఆ రెండు ప్రశ్నలూ ఇవాళే తీసేస్తున్నాం. మరి ఏం రాయాలి?

నిదానం: ముందు కొలత చూసుకోండి. తెలుగులో ఒక ఎస్ఎంఎస్‌కు 70 అక్షరాలే పడతాయి, ఇంగ్లీషుకైతే 160. అది దాటితే 67 చొప్పున ముక్కలవుతుంది. పైగా ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి: మనకు ఒక్క అక్షరంగా కనిపించే "క్షే" అక్కడ నాలుగు. ఇది పెట్టి చూడండి:

"మీ మెసేజ్ అందింది. ఇది ఆటోమేటిక్ జవాబు. 20 నిమిషాల్లో మనిషి రాస్తారు."

ఖాళీలతో కలిపి 69. ఎవరి కంట పడినా ఏ షాపు నుంచో వచ్చిందనుకుంటారు.

తీగలబండి: గుట్టు విషయంలో ఒప్పుకుంటాను. కానీ ఇది బ్యాంకు మెసేజ్‌లా పొడిగా ఉంది. ఏడుస్తున్న మనిషికి ఇదా జవాబు?

నిదానం: పొడిగానే ఉంది. ఓదార్పు మీ వాలంటీర్ రాసే మొదటి మాటలో రావాలి, అదీ "ఇప్పుడు రాయడానికి వీలవుతుందా?" అని అడిగి, అవునన్నాకే.

లెక్కలమాస్టారు: ఆ 20 నిమిషాలు ఎక్కడి నుంచి తెచ్చారు? రాత్రిపూట ఇద్దరే వాలంటీర్లు, ఒక్కో సంభాషణ 40 నిమిషాలు పడుతుందనుకుందాం. ఒకేసారి ఐదుగురు రాస్తే ఐదో మనిషి వంతు 80 నిమిషాలకు గానీ రాదు. ఆమెకూ 20 అనే చెప్పారు. ఇరవై ఒకటో నిమిషం నుంచి ఆమె ఫోన్ వంకే చూస్తూ ఉంటుంది. క్యూ పొడవును బట్టి అంకె మారాలి, లేదా అసలు అంకే పెట్టకూడదు.

నిదానం: అంకె మారాలన్నది నిజం, నేను దాన్ని ఖాయంగా రాయడం పొరపాటు. తీసేయడానికి మాత్రం ఒప్పుకోను. ఎంతసేపో తెలిస్తేనే ఫోన్ సైలెంట్‌లో పెట్టాలా, దాచాలా అన్నది ఆమె తేల్చుకోగలదు.

మల్లెపొద: ఆ రాత్రి నాకు టైమ్ చెప్పి ఉంటే ఫోన్ ఆపేసేదాన్ని.

రేవతి_కె: అంకెను క్యూతో కలుపుతాం. ఒక్కటి మిగిలింది. ప్రాణాపాయంలో ఉన్నవాళ్లకు ఎమర్జెన్సీ నంబరు మొదటి జవాబులోనే పెట్టాలని మా వాలంటీర్లలో సగంమంది అంటున్నారు. పెడితే చూసినవాడికి అర్థమైపోతుంది. పెట్టకపోతే 80 నిమిషాలు ఆగలేనివాళ్లు ఏమవుతారు?

తీగలబండి: పెట్టండి. ప్రాణం ముందు.

మల్లెపొద: ఆ నంబరు నాకు తెలియక కాదండీ అప్పుడు మెసేజ్ పెట్టింది. ఫోన్ చేసి మాట్లాడే వీల్లేకే పెట్టాను.