అందరూ ‘చాలా సంతృప్తి’ అనే నొక్కుతుంటే మార్పును ఎలా గుర్తించాలి?

నాణ్యతా విభాగం ఉద్యోగిని: నమస్కారమండీ. నేను ఒక కంటి ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఓపీకి వచ్చినవారు ఇంటికి వెళ్లేముందు మందుల కౌంటరు పక్కన ట్యాబ్‌లో ఒకే ఒక ప్రశ్నకు జవాబిస్తారు: ‘ఈ రోజు మీకు అందిన సేవ మీకు ఎంత సంతృప్తినిచ్చింది?’ ‘చాలా అసంతృప్తి’ నుంచి ‘చాలా సంతృప్తి’ వరకు ఐదు గడులు ఉంటాయి. గత నెల జవాబిచ్చిన 412 మందిలో 389 మంది పై గడినే నొక్కారు. 14 మంది నాలుగో గడిని, ఆరుగురు మూడో గడిని, ముగ్గురు కింది రెండింటిని ఎంచుకున్నారు. ఆ నెల మొదటి తేదీ నుంచే మేము టోకెన్ల పద్ధతిని మార్చాం. అంతకు ముందు నెలలో 398 మందికి 374 మంది పై గడి నొక్కారు. అంటే 94.0 శాతం 94.4 శాతమైంది. టోకెన్ల మార్పు ఫలించిందా అని యాజమాన్యం అడుగుతోంది. ఈ అంకెలతో ఏం చెప్పగలను?

సర్వేల పనిలో ఉన్న సభ్యుడు: మేడమ్, ఐదు గడులు చాలకపోవడమే మీ ఇబ్బంది. పదికి ఎన్ని మార్కులు వేస్తారని అడగండి, జవాబులు విడివిడిగా పరుచుకుంటాయి. మా సంస్థలో అలాగే చేశాం.

గణాంకాల అధ్యాపకురాలు: పదికి మార్చినంత మాత్రాన పరుచుకుంటాయని చెప్పలేమండీ. ఇప్పుడు ఐదు నొక్కుతున్నవారు అప్పుడు తొమ్మిదికీ పదికీ మధ్య చీలిపోతారు. ఆ చీలికలో కొంత నిజమైన తేడా ఉండవచ్చు, కొంత కేవలం అలవాటు కావచ్చు. ముందు ఉన్న అంకెల సంగతి చూద్దాం. పై గడి నొక్కినవారిని వదిలేసి, నొక్కనివారినే లెక్కపెట్టండి: ముందు నెలలో 398 మందిలో 24 మంది, గత నెలలో 412 మందిలో 23 మంది. తేడా సుమారు అర శాతం. ఇంతమంది జవాబులతో వచ్చే తేడాకు అటూ ఇటూ మూడు శాతానికి పైగా ఊగిసలాట సహజంగానే ఉంటుంది. కాబట్టి పెరిగిందనీ తగ్గిందనీ కూడా అనలేరు. పైగా టోకెన్ల మార్పు అద్భుతంగా పనిచేసి, అసంతృప్తి చెందినవారు ఒక్కరూ మిగలకపోయినా, ఈ అంకె ఆరు శాతం కంటే ఎక్కువ పెరగడానికి చోటే లేదు. గది పైకప్పుకు తల ఆనించి నిలబడిన మనిషి ఇంకా ఎత్తు పెరిగాడా అని కొలిచినట్టు ఉంటుంది.

నిజానికి టోకెన్ల ప్రశ్నకు సంతృప్తితో పనే లేదు. టోకెన్ ముద్రించిన సమయమూ, డాక్టరుగారు కేసు తెరిచిన సమయమూ మీ కంప్యూటర్లో ఉంటే, రెండు నెలలకూ ఆ నిరీక్షణను లెక్కగట్టండి. సగటు కాకుండా మధ్యలో ఉన్నవారు ఎంతసేపు కూర్చున్నారో, బాగా ఆలస్యమైన పదోవంతు మంది ఎంతసేపు కూర్చున్నారో చూడండి. మీ యాజమాన్యానికి కావలసిన జవాబు అక్కడే ఉంది.

మరో రెండు విషయాలు చెప్పండి. నెలకు ఎంతమంది ఓపీకి వస్తారు? ట్యాబ్ ఎవరి చేతిలో ఉంటుంది? కంటి ఆసుపత్రి అన్నారు కాబట్టి నాకొక అనుమానం కూడా ఉంది: కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేశాక చాలామందికి దగ్గరి అక్షరాలు మసకబారతాయి. మరి వాళ్లు ట్యాబ్ మీది గడులను ఎలా చదువుతున్నారు?

కాల్ సెంటర్ ఉద్యోగి: ఐదుకు ఐదు ఎక్కువ రావాలంటే మా దగ్గర ఒక పద్ధతి ఉందండీ. కాల్ ముగిసేముందు ‘దయచేసి ఐదు ఇవ్వండి సార్’ అని అడుగుతాం. నాలుగు వచ్చినా మాకు ప్రోత్సాహకం తగ్గిస్తారు, అందుకే అడగక తప్పదు.

గణాంకాల అధ్యాపకురాలు: ఐదులు పెంచడం ఎలాగని ఆవిడ అడగలేదు తమ్ముడూ, అందరూ ఐదే ఇస్తుంటే నిజం ఎలా తెలుసుకోవాలన్నది ఆవిడ ప్రశ్న. అయినా నువ్వు చెప్పింది ఇక్కడ చాలా పనికొస్తుంది. నాలుగు ఇచ్చినందుకు ఒకరి జీతం కోసేచోట నాలుగు అనేది ‘బాగుంది’ అనే అర్థాన్ని కోల్పోయి ఫిర్యాదుగా మారుతుంది. అక్కడ ఐదు గడులు ఉన్నా, జరిగేది అవును-కాదు ప్రశ్నే.

నాణ్యతా విభాగం ఉద్యోగిని: మీ అనుమానం చదివి నిన్న రెండు గంటలు కౌంటరు దగ్గరే కూర్చున్నాను. నెలకు ఆరు వేల మంది దాకా వస్తారు, కాబట్టి ట్యాబ్ అందుతున్నది పదిహేనుమందిలో ఒకరికి. ఎవరికి ఇవ్వాలో మందులిచ్చే అమ్మాయి ఎంచుకుంటుంది; తొందరలో ఉన్నవారినీ, చిరాకుగా ఉన్నవారినీ అడగడం లేదు. ఒక పెద్దావిడ ట్యాబ్‌ను కంటికి దూరంగా పట్టుకుని, ‘ఏమీ అగపడట్లేదమ్మా’ అంటే, ఆ అమ్మాయి ‘బాగానే చూశారు కదా పెద్దమ్మా?’ అని అడిగింది. ఆవిడ తలూపింది, అమ్మాయి పై గడి నొక్కేసింది. అందులో ఆ అమ్మాయి తప్పేమీ నాకు కనబడలేదు, ఆమెకు అంతకంటే ఎవరూ నేర్పలేదు.

గణాంకాల అధ్యాపకురాలు: అంటే మీ 94 శాతంలో ఎంత రోగులదో, ఎంత అడిగిన తీరుదో విడదీయాలి. ఒక చిన్న పరీక్ష చేయండి. పై గడి నొక్కినవారిలోంచి ముప్పై మందినీ, అసలు ట్యాబ్ అందనివారిలోంచి ముప్పై మందినీ చీటీ తీసినట్టుగా ఎంచుకుని, రెండు రోజుల తరవాత ఫోన్ చేయించండి. ఫోన్ చేసేవారు ఓపీతో సంబంధం లేనివారై ఉండాలి. సంతృప్తి మాట ఎత్తవద్దు, జరిగినదాన్ని అడగండి. ‘చుక్కల మందు గురించి వివరించారా?’ అంటే మర్యాదకు అవునంటారు. ‘రోజుకు ఎన్నిసార్లు వేసుకోమన్నారు?’ అని అడిగి, జవాబును మందుల చీటీలో రాసినదానితో పోల్చండి.

సర్వేల పనిలో ఉన్న సభ్యుడు: పది గడుల మాట వెనక్కి తీసుకుంటున్నాను, కానీ గడుల పేర్లు మార్చడం వల్ల లాభం ఉంటుందని ఇప్పటికీ అనుకుంటున్నాను. అసంతృప్తి వైపు రెండు గడులు దాదాపు ఖాళీగా ఉన్నాయి. వాటి బదులు ‘బాగోలేదు, ఫర్వాలేదు, బాగుంది, చాలా బాగుంది, ఇంతకంటే బాగా చేయలేరు’ అని పెడితే మెచ్చుకునేవారి మధ్య తేడా తెలుస్తుంది.

గణాంకాల అధ్యాపకురాలు: ఇది మంచి సూచన. రెండు జాగ్రత్తలు మాత్రం అవసరం. ‘ఫర్వాలేదు’ అన్నమాటను కొందరు మెచ్చుకోలుగా, కొందరు మొహమాటంతో కూడిన ఫిర్యాదుగా వాడతారు. ముందు పదిమందిని అడిగి చూడండి. గడులు మార్చిన రోజు నుంచి పాత అంకెలతో పోలిక తెగిపోతుంది కాబట్టి ఒక నెలపాటు రోజు విడిచి రోజు పాతవీ కొత్తవీ నడపండి.

నాణ్యతా విభాగం ఉద్యోగిని: మూడు వారాల తరవాత తిరిగి రాస్తున్నాను. ఐదు నొక్కినవారిలో 26 మంది ఫోన్ ఎత్తారు. వారిలో 9 మంది తాము ట్యాబ్‌లో ఏదీ నొక్కలేదన్నారు, 8 మంది చుక్కలు ఎన్నిసార్లు వేసుకోవాలో తప్పుగా చెప్పారు లేదా చెప్పలేకపోయారు. ట్యాబ్ అందనివారిలో ఫోన్ ఎత్తినవారు 23 మంది, చుక్కల సంగతి తెలియనివారు 10 మంది. టోకెన్ల సమయాలు కూడా తీశాను: మధ్యలో ఉన్నవారి నిరీక్షణ 95 నిమిషాల నుంచి 70కి తగ్గింది, కానీ బాగా ఆలస్యమైనవారి నిరీక్షణ ఏమీ తగ్గలేదు.

గణాంకాల అధ్యాపకురాలు: 8, 10 అనే అంకెలను ఒకదానితో ఒకటి పోల్చవద్దు, అంత చిన్న గుంపులకు ఆ తేడా లెక్కలోది కాదు. రెండు గుంపుల్లోనూ దాదాపు మూడోవంతు లేదా అంతకు మించి మందికి మందు సంగతి తెలియదన్నదే మీకు దొరికిన విషయం. ఐదు నొక్కినవారిలో కూడా అది దాగి ఉంది. ఫోన్ ఎత్తనివారు ఎలాంటివారో మాత్రం మనకు తెలియదు.

నాణ్యతా విభాగం ఉద్యోగిని: చుక్కలు వేసుకునే తీరు చెప్పే పనిని కౌంటరు నుంచి నర్సుకు అప్పగించమని అడిగాను, సరేనన్నారు. ఒకటే తేలలేదు: గత 14 నెలలుగా నివేదికల్లో 94 శాతం అని రాస్తూ వచ్చాం. వాటి కింద ఇప్పుడు వివరణ చేర్చాలని నేనంటున్నాను, కొత్త పద్ధతి మొదలైన నెల నుంచి రాస్తే చాలని మా అధికారి అంటున్నారు. మీలో ఎవరికైనా ఇలాంటిది ఎదురైందా?

సర్వేల పనిలో ఉన్న సభ్యుడు: మా దగ్గర పాత అంకెలను అలాగే ఉంచి, గీత గీసి, ‘ఇక్కడి నుంచి అడిగే పద్ధతి మారింది’ అని రాశామండీ.

గణాంకాల అధ్యాపకురాలు: నేనైతే పాత నెలల కిందా రాస్తాను. ట్యాబ్ సిబ్బంది చేతిలో ఉండేదన్న ఒక్క వాక్యం చాలు.