వాలు గట్ల చేపల కుంట: నీళ్లెన్ని, పిల్లలెన్ని?

నర్సంపేట రైతు: పోయినేడు పొలంలో కుంట తవ్వించాను. పొడవు 120 అడుగులు, వెడల్పు 90, నడుమ లోతు 6. గట్లు వాలుగా ఉన్నాయి, ఒక అడుగు లోతుకు దిగేసరికి రెండు అడుగులు లోపలికి వస్తాం. 120 × 90 × 6 వేస్తే 64,800 ఘనపుటడుగులు, అంటే 18 లక్షల లీటర్ల పైనే. చేప పిల్లలమ్మే ఆయన 'నీళ్లు బోలెడు, రెండు వేలు వేసుకో' అంటున్నాడు. వేయొచ్చా?

కరీంనగర్ తమ్ముడు: వాలు ఉంటే సగటు లోతు పట్టుకోవాలి అన్నా. అడ్డంగా తాడు కట్టి, సమాన దూరంలో మూడు చోట్ల కర్ర దింపు. మూడూ కూడి మూడుతో భాగించు.

నర్సంపేట రైతు: దింపాను తమ్మీ. మూడు చోట్లా 6 అడుగులే. భాగిస్తే మళ్లీ 6. ఇంతమాత్రానికి తాడెందుకు?

పరకాల పాత చేపలాయన: తమ్ముడు సగం దారి సరిగ్గానే చూపించాడు. మూడు చోట్ల కొలిచినప్పుడు నాలుగుతో భాగించాలి. రెండు గట్ల దగ్గర లోతు సున్నా కదా, అది కూడా లెక్కలోకి రావాలి. 18ని 4తో భాగిస్తే 4.5 అడుగులు. దాన్ని పైన నీళ్లు పరుచుకున్న వైశాల్యంతోనే గుణించాలి, అడుగు వైశాల్యంతో కాదు.

మీ కుంట వాలు తెలుసు కాబట్టి సరిచూడొచ్చు. 6 అడుగులు దిగితే ఒక్కో వైపు 12 అడుగులు తగ్గుతుంది. అడుగున 96 × 66, నడిమిన, అంటే సగం లోతు 3 అడుగుల దగ్గర, 108 × 78. పై వైశాల్యం, నడిమిదానికి నాలుగింతలు, అడుగుది కూడి, ఆరుతో భాగించి, లోతుతో గుణించండి. 50,832 ఘనపుటడుగులు వస్తుంది. సుమారు 14.4 లక్షల లీటర్లు. సగటు లోతు 4.7, కర్ర లెక్క 4.5. దగ్గరగానే ఉంది. మీరనుకున్న నీళ్లలో నాలుగు లక్షల లీటర్లు అసలు లేవు. ఇంతకీ ఆ 120, 90 నీటి అంచున కొలిచారా, కట్ట మీదనా?

నర్సంపేట రైతు: నీటి అంచునే సార్.

కాజీపేట కొరమీను: నా టార్పాలిన్ ట్యాంకులో ఈ గొడవే లేదు. గోడలు నిలువు, పొడవు వెడల్పు లోతు గుణిస్తే అయిపోయింది. నాకు తెలిసి ఎన్ని వేసినా బతుకుతాయి, ఒత్తుగా వేసుకోండి.

పరకాల పాత చేపలాయన: కొరమీను పైకొచ్చి గాలి పీలుస్తుంది, అందుకే ఒత్తుగా తట్టుకుంటుంది. బొచ్చె, రవ్వకు ఆ వీలు లేదు. మట్టి కుంటలో వాటి లెక్క లీటర్ల మీద కాదు, నీటి పై వైశాల్యం మీద వేస్తారు. మేతగా పనికొచ్చే పాచి పెరిగేదీ, గాలి కలిసేదీ అక్కడే. ఎకరాకు రెండు వేల నుంచి నాలుగు వేల పిల్లలు. మీది దాదాపు పావెకరం, కాబట్టి 500 నుంచి 1,000. గాలి కొట్టే యంత్రం లేకపోతే నేనైతే 500 దగ్గరే ఆగుతాను. రెండు వేలు వేస్తే అమ్మినాయన బాగుపడతాడు.

జగిత్యాల కుంట: వెయ్యి వేసి కూడా బాగానే తీశాం మేము. మేత చూసుకుంటే చాలు.

పరకాల పాత చేపలాయన: మీకు బోరు నీళ్లు ఎండాకాలంలోనూ వస్తున్నాయేమో. రాకపోతే మే నెల చూడాలి. ఈయన కుంటలో నీళ్లు 3 అడుగులకు దిగితే సగం మిగిలాయనుకుంటారు. వాలు వల్ల పైభాగంలోనే ఎక్కువ నీళ్లుంటాయి, కాబట్టి మిగిలేది 22,000 ఘనపుటడుగులే, సుమారు 6.2 లక్షల లీటర్లు. సగానికీ తక్కువ! అప్పటికి చేపలు ఒక్కొక్కటి కిలో దాకా పెరిగి ఉంటాయి. తెల్లవారుజామున నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ప్రాణవాయువు చాలట్లేదన్నమాట. మేత ఆపి, కొత్త నీళ్లు పోయాలి.

లీటర్ల లెక్క నాకు అక్కరకొచ్చింది మందు దగ్గర. పొటాషియం పర్మాంగనేట్ లీటరుకు 2 మిల్లీగ్రాములు వేయాలంటే నిండు కుంటకు 2.9 కిలోలు, మేలో కిలోంబావు. మీ మొదటి లెక్కతో ఎండాకాలంలో వేస్తే 3.7 కిలోలు పడుతుంది, అంటే మోతాదుకు మూడింతలు. ఒకసారి పాత లెక్క చూసి నేనే అలా వేశాను. మధ్యాహ్నానికి తేలాయి.

జగిత్యాల కుంట: బోరు ఉంది మాకు, నిజమే. లేనివాళ్లకు ఎంతన్నది నేను చెప్పలేను.

నర్సంపేట రైతు: ఇంకో మాట సార్. ఇవాళ మళ్లీ దింపితే కర్ర చివర జానెడు బురద అంటుకుని పైకొచ్చింది. ఆ 6 అడుగుల్లో అది కూడా కలిసినట్టేనా?

పరకాల పాత చేపలాయన: కలిసినట్టే. కర్ర కిందికొసకు అరచేయంత చెక్క మేకుతో కొట్టి మళ్లీ దింపండి, బురద మీదే ఆగుతుంది.

నర్సంపేట రైతు: ఆదివారం కొలిచి పెడతాను. పిల్లలు మాత్రం 600 కే చెప్పాను, ఆయన ముఖం మాడ్చుకున్నాడు.