కుక్క గర్భసంచి ఆపరేషన్‌కి 28 వేలు అయింది. ఇప్పుడు ఇన్సూరెన్స్ చేయిస్తే ఉపయోగమేనా?

లక్ష్మి, పర్లాకిమిడి
మా లాబ్రడార్ బ్రౌనీకి ఆరేళ్లు. ఎదకొచ్చి వెళ్లిన నెల తర్వాత తిండి మానేసి, గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగడం మొదలెట్టింది. ఇక్కడ గ్యాస్ అని రెండు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చారు. వాంతులు ఎక్కువయ్యాక విశాఖ తీసుకెళ్తే స్కానింగ్‌లో గర్భసంచి నిండా చీము అన్నారు. స్కానింగ్, రక్తపరీక్షలు 3,000, ఆపరేషన్ 14,000, సెలైన్లు, మందులు, నాలుగు రోజులు అక్కడ ఉంచినందుకు 6,500, కారుకి 4,500. బ్రౌనీ ఇప్పుడు బాగుంది. నలభై వేల కవరేజీకి ఏడాదికి 5,200 ప్రీమియం అని ఒక ఏజెంట్ చెబుతున్నాడు. కట్టమంటారా?

సురేష్, గుణుపురం
తప్పకుండా కట్టండి అక్కా. మా ఆవు చనిపోతే చెవి ట్యాగ్ చూపించాం, డబ్బులు వచ్చాయి. కుక్కకైనా అంతే కదా, చిప్ వేయిస్తే చాలు.

రమణమూర్తి, రాయగడ (రిటైర్డ్ పశువైద్యుడు)
సురేష్, నీకు వచ్చింది పశువు చనిపోయినందుకు. లక్ష్మి గారు అడిగేది వైద్యం ఖర్చు. చిప్ గుర్తింపుకి పనికొస్తుంది కానీ బిల్లు కట్టించదు.

అమ్మా, మొదట ఒక మాట. గర్భసంచి, అండాశయాలు తీసేశారు కాబట్టి ఈ 28 వేల ఖర్చు మళ్లీ రాదు. పాత జబ్బుకి ఏ పాలసీ ఇవ్వదు, ఈ బిల్లుకీ రాదు. కాబట్టి ప్రీమియాన్ని జరిగిపోయిన దానితో కాకుండా ఇకముందు రాగల వాటితో పోల్చి చూడండి. ఆరేళ్ల ఆడ లాబ్రడార్‌కి నేను భయపడేది రొమ్ము గడ్డలకి. ఈ వయసులో ఆపరేషన్ చేస్తే వాటి నుంచి రక్షణ పెద్దగా ఉండదు. నెలకోసారి వెల్లకిలా పడుకోబెట్టి, చన్నుల వరస మొత్తం వేళ్లతో తడిమి చూడండి. శనగగింజంత గట్టిగా తగిలినా చూపించండి. చిన్న గడ్డ తీయడానికీ, పెద్దదైపోయాక తీయడానికీ ఖర్చులో చాలా తేడా ఉంటుంది.

ఏజెంట్‌ని పాలసీ కాగితం మొత్తం అడగండి. అందులో ఎన్నేళ్ల వరకు రెన్యువల్ చేస్తారు, ఎన్నాళ్లు వెయిటింగ్, ఆపరేషన్‌కే ఇస్తారా మామూలు చూపింపుకి కూడా ఇస్తారా, గడ్డల గురించి ఏమని రాసి ఉంది అన్నవి చూడాలి. కారు ఖర్చు మాత్రం ఆశించకండి.

పద్మ, బ్రహ్మపురం
మా మగకుక్క గాజుముక్క మీద కాలు వేసింది. కుట్లు, కట్లు అన్నీ కలిపి తొమ్మిది వేలు. పాలసీ ఉంది, కానీ కట్లు మార్పించింది ఊళ్లో లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర. ఆయన తెల్లకాగితం మీద రాసిచ్చాడు. ఆ భాగం కొట్టేశారు.

రమణమూర్తి
పద్మగారు చెప్పిందే మన ఊళ్లలో అసలు చిక్కు. రిజిస్టర్డ్ డాక్టరు చీటీ, నంబరున్న బిల్లు, టీకాల పుస్తకం లేకపోతే క్లెయిమ్ నిలవదు.

లక్ష్మి
మరి ఏడాదికి ఎంత పెట్టుకోవాలి మాస్టారూ? తిండికి నెలకు 2,500 అవుతోంది. అన్నం, గుడ్లు, కోడి మాంసం.

రమణమూర్తి
తిండికి 30 వేలు అయిపోయినట్టే. ఏడాదికోసారి కంబైన్డ్ టీకా, రేబిస్ టీకా కలిపి 1,500 అనుకోండి. మూడు నెలలకోసారి నులిపురుగుల మాత్రలు బరువుని బట్టి ఇస్తారు. చాలా రకాలు పది కిలోలకి ఒకటి చొప్పున, బ్రౌనీ 28 కిలోలైతే మూడు. వాటికి 800. గోమార్లకి వేసే నమిలే మాత్ర బాగా పనిచేస్తుంది, దానికి నాలుగు వేలు తీసి పెట్టండి. ఇక్కడ పీనాసితనం వద్దు, టిక్ ఫీవర్ వస్తే పరీక్షలకీ మందులకీ అంతకంటే ఎక్కువే పోతుంది. మొత్తం 36,300. ఇవి ఎలాగూ అయ్యే ఖర్చులు, వీటికి ఇన్సూరెన్స్‌తో పని లేదు.

అనుకోని వాటికి నెలకు వెయ్యి విడిగా రికరింగ్ డిపాజిట్ వేయండి. నా లెక్కలో బ్రౌనీకి పాలసీ కంటే ఇదే నయం. ఆ డబ్బు పద్మగారికి జరిగినట్టు ఎవరూ కొట్టేయరు.

పద్మ
కానీ మాస్టారూ, ఏడాది తిరక్కుండానే పెద్ద ఆపరేషన్ పడితే డిపాజిట్‌లో పన్నెండు వేలు కూడా ఉండవు కదా? పైగా కుక్క ఎవరినైనా కరిస్తే ఇచ్చే కవర్ కొన్ని పాలసీల్లో ఉంది. మాది వీధి వైపు గేటు, నేను అందుకే కడుతున్నా.

రమణమూర్తి
నిజమే, మొదటి ఏడాది ఆ లోటు ఉంటుంది. కరవడం సంగతి ఇంటిని బట్టి, కుక్క స్వభావాన్ని బట్టి మీరే తేల్చుకోవాలి.

సురేష్
మా ఆడ కుక్కపిల్లకి ఎనిమిది నెలలు, ఇంకా ఎదకు రాలేదు. దానికి ముందే ఆపరేషన్ చేయించేయాలా? 1962కి ఫోన్ చేస్తే బండి వచ్చి చేస్తుందా?

రమణమూర్తి
ఆ బండిలో ప్రథమ చికిత్స, టీకాలు ఉంటాయి, అందులో ఈ ఆపరేషన్ ఆశించకు. జిల్లా పశువైద్యశాలలో అడుగు, లేదా గరివిడి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లు. ఏ జాతి, ఎంత బరువో చెప్పు. పెద్ద జాతైతే మొదటి ఎద అయి రెండు మూడు నెలలు గడిచాక చేయించమంటాను, చిన్నదైతే ఇప్పుడే. ముందుగా అనుకుని చేయిస్తే లక్ష్మిగారికి అయిన 14 వేలలో సగంలోపే తేలుతుంది. పాలసీ తీసుకునే ఆలోచన ఉంటే ఈ వయసే మంచిది, పాత జబ్బు అనే వంక ఇంకా లేదు కదా.