నైట్రేట్‌కి గాజు క్యూవెట్ సరిపోతుందా?

ఆమదాలవలస విద్యార్థి: ఉద్దానం బోరు నీళ్లలో నైట్రేట్‌ను స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 220 నానోమీటర్ల దగ్గర చూస్తున్నాను. బ్లాంక్‌కి సున్నా చక్కగా వస్తోంది. కానీ 1 నుంచి 7 పీపీఎం దాకా స్టాండర్డ్లన్నీ కూడా సున్నా దగ్గరే ఊగుతున్నాయి. పొటాషియం నైట్రేట్ పాడైందా? శాంపిల్ పోసి యంత్రంలో పెట్టే క్యూవెట్ గాజుది.

బొబ్బిలి ల్యాబ్: ఉప్పు బాగానే ఉంది తమ్ముడూ, తప్పు క్యూవెట్‌ది. మామూలు గాజు 340 దిగువన వెలుతురును మింగడం మొదలుపెడుతుంది. 220 దగ్గర దాదాపు ఏమీ దాటనివ్వదు. క్వార్ట్జ్ తీసుకో.

పలాస మేడమ్: నేనొప్పుకోను. పన్నెండేళ్లుగా నైట్రేట్ గాజులోనే చేస్తున్నాను. బ్లాంక్ కూడా అదే క్యూవెట్‌లో పెడతాం కదా, గాజు మింగేది తీసివేతలో పోతుంది.

పార్వతీపురం: క్వార్ట్జ్ మాట ఎత్తకండి. నా చేతిలో ఒకటి జారితే డబ్బులు నా దగ్గరే కట్టించుకున్నారు.

బొబ్బిలి ల్యాబ్: మేడమ్, తీసివేయడానికి కొంచెమైనా వెలుతురు మిగలాలి కదా. ఇక్కడ డిటెక్టర్‌కి చేరేది యంత్రంలో చెదిరిన వేరే రంగుల వెలుతురే. దాన్ని నైట్రేట్ ముట్టుకోదు. అందుకే బ్లాంకూ శాంపిలూ ఒకేలా కనిపిస్తాయి. తమ్ముడూ, క్యూవెట్ పెట్టకుండా 220 దగ్గర సున్నా చెయ్యి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో క్యూవెట్ పెట్టి చూడు. క్వార్ట్జ్ అయితే 0.1 అటూ ఇటూ చూపిస్తుంది.

ఆమదాలవలస విద్యార్థి: గాజు 2.9 చూపించింది, అది కూడా నిలబడలేదు. ప్లాస్టిక్‌ది కూడా అంతే. క్వార్ట్జ్ బీరువాలో ఉంది, తాళం సార్ దగ్గర ఉంది.

పలాస మేడమ్: అయితే నా పన్నెండేళ్ల రీడింగులన్నీ తప్పా? అనేముందు ఆలోచించండి!

బొబ్బిలి ల్యాబ్: మీరు ఏ తరంగదైర్ఘ్యం దగ్గర చూస్తారు?

పలాస మేడమ్: 410. ఫినాల్ డైసల్ఫానిక్ యాసిడ్‌తో వచ్చే పసుపు.

బొబ్బిలి ల్యాబ్: అక్కడ గాజు సరైనదే, మీ లెక్కలూ సరైనవే. మనిద్దరం చెప్పుకుంటున్నది వేర్వేరు పద్ధతుల గురించి.

పలాస మేడమ్: మరి అతనికి ఆ పద్ధతే చెప్పొచ్చుగా! పిల్లల చేతికి రాని క్వార్ట్జ్ ఉంటే ఏం, లేకపోతే ఏం?

బొబ్బిలి ల్యాబ్: మీ పద్ధతిలో నీళ్లు పూర్తిగా ఇగరాలి. క్లోరైడ్ ఎక్కువుంటే వెండి ఉప్పుతో దాన్ని ముందే తీసేయాలి. అరవై శాంపిళ్లకి అది జరిగే పనేనా? తాళం తియ్యమని అడగడమే మేలు.

ఆమదాలవలస విద్యార్థి: సార్ ఇచ్చారు. నైట్రోజన్ లెక్కన 1 పీపీఎంకి 0.26 వచ్చింది. కానీ అదే ద్రావణం తీసి మళ్లీ పెడితే 0.33.

బొబ్బిలి ల్యాబ్: నునుపు వైపు వేలు తగిలుంటుంది, వేలిముద్ర 220 దగ్గర బాగా పట్టేస్తుంది. గరుకు వైపులే పట్టుకో, లెన్స్ పేపర్‌తో తుడువు, బుడగ ఉందేమో చూడు. గుర్తు ప్రతిసారీ ఒకే వైపు ఉండాలి.

ఆమదాలవలస విద్యార్థి: ఇప్పుడు కుదిరింది. కానీ ఒక చెరువు శాంపిల్ 220 దగ్గర 0.60, 275 దగ్గర 0.08 చూపించింది.

బొబ్బిలి ల్యాబ్: 275 దగ్గర నైట్రేట్ పట్టదు, కుళ్లిన పదార్థమే పడుతుంది. అందుకే ఆ రీడింగు రెట్టింపును 220 దాంట్లోంచి తీసేస్తాం. ఇక్కడ రెట్టింపు 0.16. దిద్దుబాటు 220 రీడింగులో పదో వంతు దాటింది, ఆ నీళ్లలో కుళ్లిన పదార్థం ఎక్కువ. ఆ లెక్క రిపోర్టులో పెట్టకు.

పలాస మేడమ్: ఆ ఒక్కటీ నాకు పంపు బాబూ, 410లో చేస్తాను.