ఫొటో వెతికితే అచ్చం నా ఛార్జరే వస్తోంది. కొనొచ్చా?

గుంటూరు_శ్రీను
ల్యాప్‌టాప్ ఛార్జర్ కాలిపోయింది. పాతదాని లేబుల్ మీద 19.5V 3.33A అని ఉంది, పిన్ను లోపల నీలం రంగు. ఆన్‌లైన్‌లో ఒకటి సగం ధరకే దొరుకుతోంది. ఆ ఫొటోను గూగుల్ లెన్స్‌లో పెడితే నా మోడలే చూపిస్తోంది. కొనేయనా?

వైజాగ్_రవళి
అదే ఫొటో పది సైట్లలో వస్తే నేనైతే కొనేస్తాను. అంతమంది అమ్ముతున్నారంటే అసలుదే అయ్యుంటుంది.

రిపేరు_బల్ల
రవళిగారూ, నీడతో సహా అదే ఫొటో పది చోట్ల ఉందంటే అందరూ ఒకే ఫొటో ఎత్తుకున్నారని అర్థం, అంతే. మీ ఇంటికి వచ్చే డబ్బాలో ఏముందో అది చెప్పదు.

శ్రీనుగారూ, 45 వాట్ల ఛార్జర్‌కి కూడా ఇదే నీలం పిన్ను, ఇదే ఆకారం ఉంటాయి. ఫొటో చూసి లెన్స్ రెండూ ఒకటే అంటుంది. తేడా లేబుల్ మీదే తెలుస్తుంది. 19.5ని 3.33తో గుణిస్తే దాదాపు 65 వాట్లు. అదే 2.31 అని ఉంటే 45. అది పెడితే ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, బరువైన పని చేస్తుంటే బ్యాటరీ పెరగకుండా తగ్గొచ్చు కూడా.

అమ్మేవాళ్లను తమ దగ్గరున్న ముక్క లేబుల్‌ని దగ్గరగా ఫొటో తీసి పంపమనండి. లెన్స్‌లో లేబుల్ వరకే పెట్టె గీసి అక్షరాలు కాపీ చేయండి. ఒకసారి కళ్లతో సరిచూడండి, 8ని B అని చదువుతుంది, చుక్క కూడా మింగేస్తుంది. లేబుల్ మీద R- తర్వాత 8 అంకెలు ఉంటాయి. వాటిని ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ నంబరు ఏ తయారీదారుడిదో వస్తుంది.

పోచంపల్లి_కోడలు
మా అత్తగారికి చీర కొన్నప్పుడు నాకూ ఇలాగే జరిగింది. ఫొటో వెతికితే అన్నీ ఇక్కత్ చీరలే వచ్చాయి, చేతికొచ్చింది ప్రింటు! చీరకి నంబరు ఉండదుగా, మరి ఎలా?

రిపేరు_బల్ల
చీరల సంగతి నాకు తెలియదమ్మా.

నేత_ఇంటి_పిల్ల
వెనకవైపు ఫొటో అడగండి అక్కా. ఇక్కత్‌లో నూలుకే ముందు రంగు వేస్తారు కాబట్టి రెండువైపులా రంగు దాదాపు ఒకేలా ఉంటుంది. మామూలు ప్రింటైతే వెనక వెలవెలబోతుంది.

గుంటూరు_శ్రీను
లేబుల్ ఫొటో తెప్పించాను. 2.31A! పేజీలో మాత్రం 65 వాట్లనే రాశారు. R- నంబరు కొడితే లేబుల్ మీదున్న తయారీదారుడు కాక వేరే కంపెనీ పేరు వచ్చింది. వదిలేశాను. రెండో దుకాణం వాళ్ల ఫొటోలో 3.33A ఉంది, యాప్‌లో పేరూ కలిసింది. ఇక భయం లేదా?

రిపేరు_బల్ల
మొదటిదానికంటే చాలా నయం. కానీ అసలు ఛార్జర్ లేబుల్‌ని ఉన్నదున్నట్టు అచ్చేసి నకిలీకి అంటిస్తే నంబరూ పేరూ రెండూ కలుస్తాయి. ఫొటోలో దాన్ని పట్టుకునే దారి నాకైతే తెలియలేదు. బరువు తూచి చెబుతారేమో అడగండి, మీ పాతదానితో పోల్చొచ్చు.

వైజాగ్_రవళి
సీల్ విప్పి ఫొటో తీయమంటే మా దగ్గర ఒప్పుకోలేదు. అలాంటప్పుడు ఏం చేస్తున్నారు అందరూ?